నీళ్ళ ట్యాంకరు ఒకటే, కబురు మాత్రం ఆరుసార్లు: తప్పు ఎవరిది?

సెల్లారు_సెక్రటరీ
మాది నిజాంపేటలో 64 ఫ్లాట్ల అపార్ట్‌మెంటు. వేసవి వచ్చిందంటే తెల్లవారుజామున నీళ్ళ ట్యాంకరు తెప్పించక తప్పదు. సంపు సెల్లారులో ఉంది. ట్యాంకరు రాగానే వాచ్‌మన్ కిందికి దిగి, పైపు తగిలించి, తన ఫోనులోని గేటు యాప్‌లో "ట్యాంకరు వచ్చింది, మోటారు వేస్తున్నాం" అన్న మీట నొక్కుతాడు. అన్ని ఫ్లాట్లకూ ఆ కబురు వెళ్ళాలి. వెళుతోంది, కాకపోతే ఒక్కసారితో ఆగడం లేదు. నిన్న ఉదయం ఐదుంబావుకి ఒక నిమిషంలోపే అదే కబురు ఆరుసార్లు మోగింది. చంటిపిల్లలున్న ఇళ్ళవాళ్ళందరూ నా మీద విరుచుకుపడ్డారు. వాచ్‌మన్ ఒట్టేసి ఒకసారే నొక్కానంటున్నాడు. యాప్ కంపెనీవాళ్ళకు ఫోను చేస్తే "మీ దగ్గర నెట్‌వర్కు బలహీనంగా ఉంది సార్" అని పెట్టేశారు.

నా సందేహం ఒక్కటే. నెట్‌వర్కు బలహీనంగా ఉంటే కబురు అసలు వెళ్ళకూడదు కదా? ఆరుసార్లు ఎలా వెళుతుంది?

ఒకటే_టిక్కు
మా అపార్ట్‌మెంటులో ట్యాంకరే రాదు. మీకు ఆరుసార్లు కబురైనా వస్తోంది, అదృష్టవంతులు.

గోదారిగట్టు
వాచ్‌మన్ మాట నమ్మకండి. మీట నొక్కగానే తెర మీద ఏమీ మారకపోతే ఎవరైనా మళ్ళీ నొక్కుతారు. లిఫ్టు దగ్గర మనం చేసేది అదే. సిగ్నలు లేనిచోట ఆ ఆరు నొక్కుళ్ళూ ఫోనులో పోగుపడి, సిగ్నలు రాగానే ఒక్కసారిగా వెళ్ళిపోతాయి. కొత్త సిమ్ము వేయండి, సరిపోతుంది.

అమ్మమ్మగారిల్లు
మా బంధువుల గ్రూపులో కూడా ఇదే బాధ. ఒకే శుభోదయం బొమ్మ రోజుకు పది మంది పంపుతారు. వద్దని చెబితే చిన్నబుచ్చుకుంటారు. నేను గ్రూపును మ్యూట్‌లో పెట్టేశాను.

సెల్లారు_సెక్రటరీ
అమ్మమ్మగారిల్లు గారూ, అది పది మంది పంపడం. ఇక్కడ పంపింది ఒక్కడే, అదీ ఒకసారే అంటున్నాడు. గ్రూపు కాదు, గేటు యాప్.

పాతసర్వరు
సెక్రటరీ గారూ, వాచ్‌మన్ మీదో నెట్‌వర్కు మీదో తీర్పు చెప్పే ముందు రెండు సంగతులు కనుక్కోండి.

ఒకటి, అన్ని ఫ్లాట్లకూ ఆరేసి వచ్చాయా, లేక ఒకరికి మూడు, ఒకరికి తొమ్మిది అలా వచ్చాయా? అందరికీ సమానంగా వస్తే, కబురు 64 ఇళ్ళకు పంచకముందే ఆరయిందని అర్థం. అంటే గోల వాచ్‌మన్ ఫోనుకూ సర్వరుకూ మధ్య ఉంది. ఇంటింటికీ లెక్క మారితే, పంచిన తర్వాత ఎక్కడో జరిగింది.

రెండు, ఆ ఆరింటి మధ్య ఎన్నేసి సెకన్లు ఎడం ఉంది? మీకు కార్యదర్శి లాగిన్ ఉంటే అందులో నివేదిక దించుకునే వీలుంటుంది. దాంట్లో సెకన్లతో సహా సమయం చూడండి. ఫోను పైభాగంలో కనిపించే నోటిఫికేషన్లను మాత్రం లెక్కపెట్టవద్దు. కొన్ని ఫోన్లు ఒకే యాప్ నుంచి వచ్చినవాటిని కలిపేసి చూపిస్తాయి. యాప్ లోపలి జాబితానే లెక్క.

మూడో_అంతస్తు
నేనూ అదే అపార్ట్‌మెంటు. మా ఇంట్లో పన్నెండు మోగాయి. సెక్రటరీ గారు ఆరు అంటున్నారేమిటి?

ఒకటే_టిక్కు
మూడో అంతస్తు వారికి ప్రత్యేక సేవ.

సెల్లారు_సెక్రటరీ
మీ ఇంట్లో మీ ఫోనులోనూ మీవారి ఫోనులోనూ యాప్ ఉంది కదండీ. ఆరూ ఆరూ పన్నెండు.

మూడో_అంతస్తు
అవును, అది నిజమే. అయినా నిద్ర పోయింది మాత్రం ఒక్కటి కాదు.

కొండదారి_మాస్టారు
నాది యాప్ కాదు, మామూలు ఎస్సెమ్మెస్. అయినా రోగం ఒకటే అనిపించి రాస్తున్నాను. పాడేరు దగ్గర ఊళ్ళో పనిచేస్తాను. బడికి సెలవిస్తే తల్లిదండ్రులకు ఎస్సెమ్మెస్ పెడతాను. కొండ మీది ఒక గూడెంలో ఒకాయనకు మాత్రం ప్రతి మెసేజీ మూడు నాలుగుసార్లు వెళుతుంది. మిగతావాళ్ళకు ఒక్కటే. నా ఫోనులో పంపినది కూడా ఒక్కటే కనిపిస్తుంది. ఆయన మర్యాదకు ఏమీ అనరు కానీ, "మాస్టారూ, సెలవు ఒకరోజా, నాలుగు రోజులా?" అని అడిగారొకసారి.

పాతసర్వరు
మాస్టారూ, మీ కేసు సెక్రటరీ గారి కేసుకు తలకిందులుగా ఉంది. ఈసారి ఆయన ఫోను చేతికొస్తే ఆ మెసేజీని నొక్కి పట్టుకుని వివరాలు తెరవండి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో పంపిన సమయం, అందిన సమయం విడివిడిగా కనిపిస్తాయి. పంపిన సమయం అన్నది మెసేజీని ఆపరేటరు కేంద్రం తీసుకున్నప్పుడు వేసే ముద్ర. నాలుగు ప్రతుల మీదా ఆ ముద్ర సెకనుతో సహా ఒకటే ఉండి, అందిన సమయాలు మాత్రం వేరువేరుగా ఉంటే, మీరు పంపింది ఒకసారే, కేంద్రం తీసుకున్నదీ ఒకసారే. ఆయన ఫోనుకు చేర్చడంలోనే తిరుగుళ్ళు పడ్డాయి. ముద్రలే వేరుగా ఉంటే మీ ఫోనే మళ్ళీ మళ్ళీ పంపిందని అర్థం.

గోదారిగట్టు
ఆయనకు చేరాక కేంద్రం మళ్ళీ ఎందుకు పంపుతుంది? చేరిందని తెలియదా?

పాతసర్వరు
అక్కడే ఉంది అసలు సంగతి. కొండ మీది ఫోనుకు మెసేజీ అందుతుంది. అందిందని ఆ ఫోను తిరిగి జవాబు చెప్పాలి. టవరు పెద్ద గొంతుతో అరుస్తుంది కాబట్టి దాని మాట కొండ మీదికి వినిపిస్తుంది. చేతిలో ఫోనుది చిన్న గొంతు, దాని జవాబు టవరుదాకా రాదు. జవాబు రాకపోతే కేంద్రానికి తెలిసేది అంతే, జవాబు రాలేదని. మెసేజీ చేరలేదా, చేరినా జవాబు దారిలో పోయిందా, ఈ రెంటికీ అక్కడి నుంచి చూస్తే తేడా కనబడదు. చేరలేదనుకుని ఊరుకుంటే కబురు పోవచ్చు. మళ్ళీ పంపితే రెండు కావచ్చు. కబురు పోవడం కన్నా రెండు కావడం నయమని దాదాపు అందరూ రెండోదే ఎంచుకుంటారు.

సెక్రటరీ గారి మొదటి ప్రశ్నకూ ఇదే జవాబు. నెట్‌వర్కు పూర్తిగా లేకపోతే కబురు వెళ్ళదు. సగం సగం ఉన్నప్పుడే ఆరవుతుంది.

కొండదారి_మాస్టారు
ఆ గూడెంలో ఫోనులో రెండు గీతలు కనిపిస్తాయి. కానీ అటునుంచి కాలు కలవదు. ఇప్పుడు కాస్త అర్థమైంది.

కోడుకూలి
ఒక్క మాట. నేను యాప్‌లు రాస్తాను. ఇంటర్నెట్టులో వెళ్ళే కబురుకు ఈ ఎస్సెమ్మెస్ కథ అంతగా వర్తించదు. కింద టీసీపీ ఉంటుంది. అది ప్రతి ముక్కకూ వరుస సంఖ్య వేస్తుంది, రెండుసార్లు వచ్చిన ముక్కను పారేస్తుంది. కాబట్టి సిగ్నలు వల్ల నకళ్ళు రావు. వాచ్‌మన్ వేలే కారణం, గోదారిగట్టు గారితో ఏకీభవిస్తున్నాను.

పాతసర్వరు
టీసీపీ గురించి మీరన్నది నిజమే, ఆ కనెక్షను బతికి ఉన్నంత వరకు. జవాబు ఆలస్యమైందని యాప్ ఆ కనెక్షనును తెంచేసి కొత్తది తెరిస్తే, కొత్త కనెక్షనుకు పాతదాని సంగతి తెలియదు. రెండో కనెక్షనులో వెళ్ళిన అదే కబురు టీసీపీ కంటికి సరికొత్త కబురు. ఫోను వైఫై నుంచి మొబైల్ డేటాకు మారినా ఇదే జరుగుతుంది. సెల్లారు ర్యాంపు మీద ఆ మార్పు రోజూ జరిగేదే.

సరే, వాదన ఎందుకు, సెకన్ల లెక్క రానివ్వండి.

సెల్లారు_సెక్రటరీ
నివేదిక దించాను. నిన్నటి సమయాలు ఇవి:

5:12:04
5:12:13
5:12:22
5:12:31
5:12:40
5:12:49

ఇక ఫ్లాట్ల లెక్క. ఉదయం నడకకు వచ్చినవాళ్ళందరి చేతా యాప్ తెరిపించి చూశాను. ఇరవై మందికి పైగా చూపించారు. ఒక్కరికి తప్ప అందరికీ ఆరే. 501 వాళ్ళకు మాత్రం నాలుగే ఉన్నాయి. మొన్నటి నివేదికా చూశాను, అందులోనూ ఆరే, అదే ఎడం. అంతకుముందు రోజు ట్యాంకరువాడు గేటు బయటే ఆపాడు, వాచ్‌మన్ అక్కడి నుంచే మీట నొక్కాడు. ఆ రోజు ఒక్కటే వెళ్ళింది.

ఒకటే_టిక్కు
తొమ్మిది సెకన్లకొకటి, ఆరుసార్లు, సెకను తేడా లేకుండా. వాచ్‌మన్ వేలికి స్విస్ గడియారం కట్టారా?

పాతసర్వరు
ఒకటే టిక్కు గారు నా పని తగ్గించారు. మనిషి విసుగొచ్చి నొక్కితే ఎడం ఒకటి రెండు సెకన్లు, తర్వాత ఐదు, మళ్ళీ ఒకటి, ఇలా గతి తప్పి ఉంటుంది. సమానంగా తొమ్మిదేసి సెకన్లంటే అది యంత్రం పని. వాచ్‌మన్‌ను వదిలేయండి. రెండు రోజులూ ఆరు దగ్గరే ఆగిందంటే, యాప్‌లో ఎవరో "మొదటిది ఒకటి, కాకపోతే మరో ఐదుసార్లు" అని రాసి పెట్టారు.

మూడో_అంతస్తు
మన గ్రూపులో నిన్న కొందరు ఆ వాచ్‌మన్‌ను నానా మాటలూ అన్నారు. ఈ నివేదిక అక్కడ కూడా పెట్టండి సెక్రటరీ గారూ.

కోడుకూలి
సరే, తొమ్మిది సెకన్ల ఎడం చూశాక వేలు కాదని ఒప్పుకుంటాను. ఎనిమిది సెకన్లు జవాబు కోసం ఆగి, ఒక సెకను విరామం ఇచ్చి మళ్ళీ పంపుతోందేమో. కానీ సెల్లారులో ఎంత నెమ్మదిగా ఉన్నా నాలుగు మాటల కబురుకు ఎనిమిది సెకన్లు చాలవా?

పాతసర్వరు
నాలుగు మాటలు వెళ్ళడానికి చాలు. ఆలస్యం వెళ్ళడంలో కాదు, జవాబులో ఉందని నా అనుమానం. సెక్రటరీ గారూ, గేటు దగ్గర మంచి సిగ్నలులో ఎప్పుడైనా ఆ మీట నొక్కినప్పుడు తెర మీద చక్రం ఎంతసేపు తిరుగుతుందో చూశారా?

సెల్లారు_సెక్రటరీ
ఇప్పుడే గేటు దగ్గర నొక్కించి చూశాను. పరీక్ష కబురు అని ముందే గ్రూపులో చెప్పాను, తిట్లు తప్పాయి. చక్రం ఆరు సెకన్లకు కాస్త పైన తిరిగి ఆగింది. ఒక్కటే వెళ్ళింది.

పాతసర్వరు
అయితే కథ చాలావరకు తెలిసినట్టే. మంచి సిగ్నలులోనే ఆరు సెకన్లు పడుతోందంటే, ఆ సర్వరు కబురు అందుకోగానే "అందింది" అని చెప్పడం లేదు. ముందు 64 ఇళ్ళకూ ఒక్కొక్కటిగా పంచి, అంతా అయ్యాక అప్పుడు జవాబిస్తోంది. గడువు ఎనిమిది సెకన్లయితే గేటు దగ్గర బొటాబొటిగా గట్టెక్కుతుంది. సెల్లారులో రానూ పోనూ ఇంకో రెండు మూడు సెకన్లు కలుస్తాయి, గడువు దాటుతుంది. యాప్ విసిగి కనెక్షను తెంచేస్తుంది. ఆ సంగతి సర్వరుకు పట్టదు, అది పంచుతూనే ఉంటుంది. యాప్ రెండోసారి పంపుతుంది. సర్వరు దాన్ని కొత్త కబురనుకుని మళ్ళీ 64 ఇళ్ళకూ పంచుతుంది. సెల్లారులో సిగ్నలు మారలేదు కాబట్టి అదీ గడువు దాటుతుంది. ఒకసారి మొదటిది దాటిందంటే మిగతావన్నీ దాటడానికే ఎక్కువ అవకాశం. అందుకే మీకు ఒకటైనా వస్తోంది, ఆరైనా వస్తున్నాయి. రెండో మూడో రావడం లేదు, గమనించారా?

ఇది కొత్త జబ్బు కాదు. ఈమెయిలుకు ఇదే పట్టింది. ఉత్తరం అందుకున్న సర్వరు వెంటనే "250", అంటే అందింది అని జవాబివ్వకుండా, పెద్ద చిరునామా జాబితాకు పంచడం పూర్తయ్యేదాకా పంపినవాడిని నిలబెట్టేది. పంపినవాడు ఓపిక నశించి వెళ్ళిపోయి మళ్ళీ వచ్చేవాడు. జాబితాలో ఉన్నవాళ్ళందరికీ రెండేసి ఉత్తరాలు. దీని గురించే 1988లో క్రెయిగ్ పార్ట్రిడ్జ్ ఆర్‌ఎఫ్‌సీ 1047 అనే ఇంటర్నెట్టు పత్రం రాశారు, రెండు మూడు పేజీలే ఉంటుంది. ముందు అందిందని చెప్పు, పంపకం తర్వాత చూసుకో అన్నదే అందులో సారం. ఇప్పటి మెయిలు నియమాలలో ఆ చివరి జవాబు కోసం కనీసం పది నిమిషాలు ఆగమని ఉంది. మీ గేటు యాప్ ఎనిమిది సెకన్లకే అలుగుతోంది.

డాలస్_గోంగూర
ఇక్కడ అమెరికాలో 2019లో ఇలాగే జరిగింది. ప్రేమికుల రోజున పంపిన మెసేజీలు నవంబరులో మళ్ళీ అందరికీ రెండోసారి వచ్చాయి. చనిపోయినవాళ్ళ నుంచి కూడా వచ్చాయని వార్తల్లో చూశాం.

పాతసర్వరు
డాలస్ గారూ, అవి రెండోసారి వచ్చినవి కావు. ఫిబ్రవరి 14న ఒక సర్వరు చెడిపోయి, లక్షా అరవై ఎనిమిది వేల చిల్లర మెసేజీలు చేరకుండా అందులోనే ఉండిపోయాయి. నవంబరు 7న దాన్ని తిరిగి నడిపించగానే అవన్నీ మొదటిసారిగా చేరాయి. అది ఆలస్యం, ఇది నకళ్ళు.

డాలస్_గోంగూర
అలాగా. నాకు వచ్చింది మాత్రం పాతదే అని గుర్తు. సరే, వదిలేయండి.

గోదారిగట్టు
రోగం తెలిసింది, మందు చెప్పండి. నా మాట వింటే సెల్లారులోకి వైఫై లాగండి. సిగ్నలు బాగుంటే గొడవే ఉండదు.

సెల్లారు_సెక్రటరీ
ర్యాంపు మలుపు దాకా వైఫై వస్తుంది. సంపు దగ్గరికి రాదు.

పాతసర్వరు
అలా సగం దాకా వచ్చే వైఫై అసలు లేనిదానికన్నా చెడ్డది. ఫోను ఆ సన్నటి వైఫైని వదలకుండా పట్టుకుని వేలాడుతుంది, మొబైల్ డేటాకు మారదు. వేస్తే సంపు దాకా వేయండి, లేదా వాచ్‌మన్ ఫోనులో ఆ వైఫైని మరిచిపోయేలా చేయండి. ఈ లోపు పైపు తగిలించాక ర్యాంపు ఎక్కి గేటు దగ్గర మీట నొక్కమనండి. గోదారిగట్టు గారు చెప్పింది రేపు ఉదయానికి పనికొస్తుంది. కానీ మీ అపార్ట్‌మెంటులో 100 ఫ్లాట్లు ఉండి ఉంటే, గేటు దగ్గర కూడా గడువు దాటేది.

కోడుకూలి
అసలు మందు చాలా సులువు. ఒకే వ్యక్తి నుంచి ఒకే వాక్యం రెండు నిమిషాలలోపు మళ్ళీ వస్తే సర్వరు పారేయాలి. నాలుగు వరుసల కోడు. మేం ఒక యాప్‌లో ఇదే చేశాం, ఫిర్యాదులు ఆగిపోయాయి.

మూడో_అంతస్తు
శనివారాలు మనకు రెండు ట్యాంకర్లు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. రెండోదానికి కూడా వాచ్‌మన్ అదే మీట నొక్కుతాడు. అదీ పారేస్తారా?

ఒకటే_టిక్కు
కోడుకూలి గారి నాలుగు వరుసలు మూడో అంతస్తు నీళ్ళు తాగేశాయి.

పాతసర్వరు
మూడో అంతస్తు వారు సరిగ్గా పట్టుకున్నారు. వాక్యం ఒకటే అయినంత మాత్రాన కబురు ఒకటే కాదు. వాచ్‌మన్ మీట నొక్కిన క్షణంలోనే ఫోను ఆ నొక్కుడికి ఒక గుర్తు సంఖ్య వేయాలి. మళ్ళీ ఎన్నిసార్లు పంపినా అదే సంఖ్యతో పంపాలి. రెండో ట్యాంకరుకు మళ్ళీ నొక్కితే అది కొత్త నొక్కుడు, కొత్త సంఖ్య. సర్వరు చేయాల్సింది ఆ సంఖ్య ఇంతకుముందు చూశానా లేదా అని చూసుకోవడమే. పోస్ట్‌గ్రెస్ డేటాబేసులో అయితే ఇంతే:

```sql
INSERT INTO announcements (client_id, body)
VALUES ($1, $2)
ON CONFLICT (client_id) DO NOTHING;
```

`client_id` మీద యూనిక్ నిబంధన ఉండాలి, లేకపోతే ఈ ఆదేశం తప్పు చూపిస్తుంది. వరుస కొత్తగా చేరితేనే పంపకం మొదలుపెట్టాలి. చేరకపోతే "అందింది" అని మాత్రం చెప్పి ఊరుకోవాలి. తప్పు జరిగిందని చెప్పకూడదు, చెబితే యాప్ మళ్ళీ పంపుతుంది. టెలిగ్రామ్ యాప్ పంపే ప్రతి మెసేజీలో `random_id` అని ఉండేది ఇందుకే. డబ్బుల చెల్లింపుల్లో స్ట్రైప్‌వాళ్ళు `Idempotency-Key` అని అడిగేదీ ఇదే.

కోడుకూలి
గుర్తు సంఖ్య పెట్టిన యాప్‌లలో కూడా నకళ్ళు చూశాను నేను. అదొక్కటే సర్వరోగ నివారిణి కాదు.

పాతసర్వరు
చూసే ఉంటారు. మామూలుగా జరిగే పొరపాటు, సంఖ్య పుట్టించే వరుసను పంపే ఫంక్షను లోపల రాయడం. మళ్ళీ పంపిన ప్రతిసారీ ఆ ఫంక్షను మొదటి నుంచి నడుస్తుంది, ప్రతిసారీ కొత్త సంఖ్య పుడుతుంది. సర్వరు కంటికి ఆరూ ఆరు వేరు కబుర్లు. కోడు చదివితే సంఖ్య ఉంది, పనిలో లేనట్టే. సంఖ్య మీట దగ్గర పుట్టాలి, పంపే చోట కాదు. యాప్ మధ్యలో మూసుకుపోయి మళ్ళీ తెరుచుకునే అవకాశం ఉంది కాబట్టి ఫోనులో రాసి పెట్టుకోవాలి కూడా.

కోడుకూలి
మేం చూసినదాంట్లో సంఖ్య సరిగ్గానే ఉంది. సర్వరు సగం ఇళ్ళకు పంచి మధ్యలో పడిపోయింది. లేచాక మొదటి నుంచి పంచింది. సగం మందికి రెండేసి వచ్చాయి. అప్పుడు మీ సంఖ్య ఏం చేస్తుంది?

పాతసర్వరు
ఆ ఒక్క సంఖ్య ఏమీ చేయదు, మీరన్నది నిజం. ఒక్కో ఇంటికీ విడిగా పంపానా లేదా అని రాసుకోవాలి. అలా రాసుకున్నా, పంపడానికీ రాసుకోవడానికీ మధ్య క్షణంలో పడిపోతే ఒక ఇంటికి రెండోది వెళుతుంది. ఆ కాస్త సందు సర్వరు వైపు నుంచి పూర్తిగా మూయడం కుదరదు. అందుకని చివరి కాపలా ఫోనులో పెట్టాలి. ఆండ్రాయిడ్‌కు పంపే నోటిఫికేషనులో `tag` అని ఒకటి ఉంటుంది. అదే `tag` తో రెండోది వస్తే పాతదాని స్థానంలో కూర్చుంటుంది, రెండుగా కనబడదు. ఐఫోనులో `apns-collapse-id` ఆ పని చేస్తుంది. ఆండ్రాయిడ్ `tag` ను `collapse_key` తో కలిపేసుకోవద్దు. అది ఫోను ఆఫ్‌లైనులో ఉన్నప్పుడు సర్వరు దగ్గర నిలిచిపోయిన కబుర్లకే పనికొస్తుంది.

మూడో_అంతస్తు
స్థానం మారినా మళ్ళీ మోగుతుందా? మాకు కావలసింది మోగకపోవడం.

పాతసర్వరు
మళ్ళీ మోగుతుంది, ఒకసారి మాత్రమే మోగాలని యాప్ రాసినవాళ్ళు చెప్పకపోతే. మంచి ప్రశ్న. `setOnlyAlertOnce` అని ఉంది, అది పెట్టమని అడగండి.

కొండదారి_మాస్టారు
ఆ పెద్దాయన ఈ రోజు పింఛను పని మీద కిందికి వచ్చారు, ఫోను చూశాను. మూడు ప్రతుల మీదా పంపిన సమయం ఒకటే, సెకను కూడా తేడా లేదు. అందిన సమయాలు మాత్రం వేరు. మొదటి రెంటికీ అర నిమిషం లోపే తేడా, మూడోది ఇంకో కొన్ని నిమిషాలకు. అయితే నా ఫోను తప్పేమీ లేదన్నమాట. ఇప్పుడు నేను చేయగలిగింది ఏమైనా ఉందా?

పాతసర్వరు
మీ వైపు నుంచి చిన్నది ఒకటి ఉంది. తెలుగులో రాస్తే ఒక ఎస్సెమ్మెస్‌లో 70 అక్షర సంకేతాలే పడతాయి, గుణింతం గుర్తులూ వత్తులూ కూడా విడివిడిగా లెక్కకొస్తాయి. అంతకు మించితే ముక్కలవుతుంది, ముక్కకు 67. ప్రతి ముక్కకూ విడిగా జవాబు రావాలి, అంటే జవాబు పోయే అవకాశాలు అన్ని రెట్లు. "రేపు బడికి సెలవు" అని ఒక్క ముక్కలో సరిపెట్టండి. మిగతాది ఆపరేటరు చేతిలో ఉంది. ఎన్నిసార్లు, ఎంత ఎడంతో మళ్ళీ పంపాలన్నది ఒక్కో ఆపరేటరుది ఒక్కో పద్ధతి.

కొండదారి_మాస్టారు
నేను "గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారములు" అని మొదలుపెడతాను. సగం ముక్క దానికే పోతోందన్నమాట.

ఒకటే_టిక్కు
గౌరవానికి కూడా 70 అక్షరాల పరిమితి.

సెల్లారు_సెక్రటరీ
పాతసర్వరు గారు చెప్పినవన్నీ సమయాలతో సహా ఉత్తరంగా రాసి యాప్ కంపెనీకి పంపాను. ఈసారి "నెట్‌వర్కు" అనలేదు. నివేదికలోని ఆ తొమ్మిది సెకన్ల వరుస చూశాక ఫోను వేరే అమ్మాయికి ఇచ్చారు, ఆమె శ్రద్ధగా విన్నది. తాత్కాలికంగా ఒకే వాక్యం రెండు నిమిషాలలోపు వస్తే ఆపేలా పెడతామని, గుర్తు సంఖ్య తర్వాతి వెర్షనులో వస్తుందని చెప్పింది. శనివారం రెండు ట్యాంకర్ల సంగతి చెప్పాను. రాసుకుంది.

కోడుకూలి
చూశారా, నేను చెప్పిందే పెడుతున్నారు.

మూడో_అంతస్తు
అందుకే భయంగా ఉంది. "రెండో ట్యాంకరు" అని వేరే మీట ఒకటి పెట్టించండి సెక్రటరీ గారూ. వాక్యం వేరైతే ఆపదు కదా.

పాతసర్వరు
ఈ మొత్తం చర్చలో అన్నిటికన్నా చవకైన ఉపాయం ఇదే. కంపెనీవాళ్ళతో పని లేదు, మీ లాగిన్‌లోనే మీటలు మార్చుకోవచ్చేమో చూడండి.

సెల్లారు_సెక్రటరీ
మార్చుకోవచ్చు, ఇప్పుడే మార్చాను. ఇంకొకటి అడగాలి. 501 వాళ్ళకు నాలుగే ఎందుకు? ఆరు పంపకాలూ ఒకటే అయితే వాళ్ళకూ ఆరు రావాలి కదా.

గోదారిగట్టు
వాళ్ళ ఫోనులో చోటు నిండిపోయి ఉంటుంది.

పాతసర్వరు
చోటు వల్ల అని నాకు అనిపించడం లేదు. ఏ పంపకమైనా మధ్యలో ఆగిపోతే వరుసలో చివర ఉన్న ఇళ్ళు మిగిలిపోయి ఉండవచ్చు. కానీ అలాగైతే 502, 503 వాళ్ళకూ తగ్గాలి. వాళ్ళవి చూశారా?

సెల్లారు_సెక్రటరీ
502 వాళ్ళు ఊళ్ళో లేరు. 503 ఆయనకు ఆరే. 501 ఆవిడను మళ్ళీ అడిగితే, ఒకటి రెండు తుడిచేశానేమో గుర్తు లేదంటున్నారు. శనివారం నివేదికతో సరిచూస్తాను.